కోళ్ల షెడ్డులో 270 మంది: ఊరి జనాభాను ఇళ్ల కప్పుల ఆధారంగా గడుల్లోకి పంచడం ఎలా

పాకాల నుంచి చిత్తూరు వెళ్లే దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఈ లెక్క ఎందుకు కావాలో అర్థమవుతుంది. రెవెన్యూ గ్రామం కాగితం మీద ఒకటే ముద్ద. నేల మీద చూస్తే ఒక గుట్ట, ఒక చెరువు, మామిడి తోటలు, వాటి మధ్య పెద్ద ఊరు, కొంత దూరంలో కాలనీ, ఇంకా అవతల తోటల్లో నలభై ఇళ్ల పల్లె. జనగణన పట్టికలో వీటన్నిటికీ కలిపి ఒకే వరుస, ఒకే అంకె. ఆ అంకెను గ్రామ విస్తీర్ణమంతటా సమానంగా పరిచారనుకోండి, గుట్ట మీది బండలకూ చెరువులోని నీళ్లకూ జనాభా వస్తుంది. ఆరోగ్య ఉపకేంద్రం ఎక్కడ పెడితే ఎంతమందికి దగ్గరవుతుందో, వాగు పొంగితే ఎంతమందిని తరలించాలో లెక్క వేయడానికి అలాంటి పటం పనికిరాదు.

జనం ఉండే చోట్లకే జనాభాను పంచే పద్ధతిని డాసిమెట్రిక్ పద్ధతి అంటారు. ఆలోచన పాతదే. అమెరికా భూగోళ శాస్త్రవేత్త జాన్ కె. రైట్ 1936లోనే కేప్ కాడ్ ప్రాంతానికి ఈ దారిలో జనసాంద్రత పటం చేశాడు. మనకు కలిసివచ్చింది ఏమిటంటే, ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన ఇళ్ల కప్పుల ఆకారాలు, అంటే బిల్డింగ్ ఫుట్‌ప్రింట్లు, మారుమూల పల్లెలకు కూడా ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక గ్రామం మొత్తం జనాభాను ఆ కప్పుల మీదికి పంచి, కప్పుల నుంచి 100 మీటర్ల గడుల్లోకి కూడటం ఈ వ్యాసంలో చేయబోయే పని. QGISతో కొంత పరిచయం, పైథాన్‌లో నాలుగు వరుసలు నడపగలిగే ఓపిక ఉంటే చాలు.

ముందు మూడు ఫైళ్లు

మొదటిది జనాభా పట్టిక. 2011 జనగణన ప్రాథమిక సారాంశంలో గ్రామం వారీగా అంకెలు ఉంటాయి. అందులో మనకు కావలసిన నిలువు వరుసలు మూడే: మొత్తం జనాభా `TOT_P`, కుటుంబాల సంఖ్య `No_HH`, షెడ్యూల్డ్ కులాల జనాభా `P_SC`. మూడోది ఎందుకో తరువాత చెబుతాను, ఇప్పుడే తీసి పారేయకండి.

ఇక్కడ మన జిల్లాల్లో ఒక చిక్కు ఉంది. 2011 నాటి పట్టికలో ఉన్నది పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు మండలాలు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చేరాయి. కాబట్టి తిరుపతి జిల్లా పటం చేయాలంటే చిత్తూరు పట్టిక ఒక్కటే సరిపోదు, నెల్లూరు పట్టిక కూడా తెరవాలి.

రెండోది గ్రామ సరిహద్దుల పటం. దానినీ జనాభా పట్టికనూ ఊరి పేరుతో కలపకండి. కొత్తపల్లెలు, రామాపురాలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఊరి పేరు రెండు ఫైళ్లలో రెండు రకాలుగా ఉంటుంది. ఆరు అంకెల జనగణన గ్రామ కోడ్‌తోనే కలపండి. కోడ్‌ను అంకెగా కాక అక్షరాలుగా చదివించండి. లేకపోతే ఒక ఫైలులో అంకెగా, మరో ఫైలులో అక్షరాలుగా ఉండిపోయి, ఎందుకు కలవడం లేదో తెలియక ఒక పూట పోతుంది.

మూడోది కప్పులు. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ మూడో విడత 2023లో వచ్చింది, అందులో దక్షిణాసియా ఉంది. ప్రతి కప్పుకూ ఆకారం, చదరపు మీటర్లలో వైశాల్యం, `confidence` అనే ఒక అంకె ఉంటాయి. ఆ అంకె 0.65 నుంచి 1 వరకు ఉంటుంది. అది నిజంగా భవనమేనని యంత్రానికి ఎంత నమ్మకమో చెబుతుంది. దించుకునే ఫైళ్లు పెద్దవి. మీ మండలం మేరకు కోసుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఏ కొలత కొలిచే ముందయినా రెండు పటాలనూ EPSG:32644కి మార్చండి. కుప్పం నుంచి సూళ్లూరుపేట దాకా మన ప్రాంతమంతా ఆ ఒక్క జోన్‌లోనే, అంటే యూటీఎం 44 ఉత్తరంలోనే, పడుతుంది. ఈ మాట మరిచి అక్షాంశ రేఖాంశాల్లో వైశాల్యం తీస్తే ఇంటి వైశాల్యం 0.000000006 లాంటి అంకెగా కనబడుతుంది. అది కనబడితే ఎక్కడ తప్పారో మీకే తెలుస్తుంది.

ఒక ఊరిని తీసుకుని చేద్దాం

ఊరి పేరు వద్దు. పూతలపట్టు, పాకాల చుట్టుపక్కల ఎక్కడైనా కనిపించే అమరికే ఇది. అంకెలు లెక్క తేలికగా నడవడానికి నేను గుండ్రంగా పెట్టుకున్నవి. గ్రామ జనాభా 1,200, కుటుంబాలు 300. ఉపగ్రహ చిత్రంలో కనిపించిన కప్పులు ఇవి: పెద్ద ఊరిలో 180, సగటున 70 చదరపు మీటర్లు. దళితవాడలో 100, సగటున 36 చదరపు మీటర్లు. తోటల్లోని పల్లెలో 40, సగటున 60 చదరపు మీటర్లు. ఇవి కాక ఊరి బయట ఆరు పొడవాటి కప్పులు, ఒక్కోటి 900 చదరపు మీటర్లు.

అన్నీ కూడితే 24,000 చదరపు మీటర్ల కప్పు. అందరికీ తెలిసిన సూటి పద్ధతి వైశాల్యం నిష్పత్తిలో పంచడం. ఒక్కో చదరపు మీటరుకు 0.05 మనిషి. పెద్ద ఊరికి 630 మంది, దళితవాడకు 180, పల్లెకు 120. ఇక ఆ ఆరు కప్పులకు 270 మంది.

ఆ ఆరు కప్పులు కోళ్ల ఫారం షెడ్లు.

నేను మొదటిసారి చేసిన పటంలో సరిగ్గా ఇదే జరిగింది. అప్పుడు నాకు అది తెలియదు. పటం ముద్రించుకుని ఒక ఊరి ఆశా కార్యకర్తకు చూపించాను. ఆమె ఎక్కువసేపు చూడలేదు.

"ఇక్కడ ఇంత ఎర్రగా ఉందే, ఏమిటి సార్ ఇది?"

"ఎక్కువ మంది ఉండే చోటు అమ్మా."

"అక్కడ కోళ్ల ఫారం తప్ప ఏమీ లేదు సార్. మనుషులంటే కాపలా దంపతులిద్దరే."

ఆ తరువాత ఏ మండలం పటమైనా నేను మొదట చేసేది షెడ్ల ఏరివేతే. కోళ్ల ఫారాలే కాదు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, గోదాములు, కల్యాణ మండపాలు, పెద్ద బడులు అన్నీ ఇదే పని చేస్తాయి. ఎవరూ పడుకోని కప్పు ఎంత పెద్దదైతే, అది ఊరి నుంచి అంత మందిని లాగేసుకుంటుంది.

షెడ్లను ఎలా గుర్తించాలి

400 చదరపు మీటర్లు దాటినవన్నీ తీసేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. అలా చేయకండి. మన పాత ఊళ్లలో నడివీధి ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పైనుంచి చూసే యంత్రానికి ఆరు ఇళ్లు ఒకే కప్పుగా కనబడతాయి. వైశాల్యం ఒక్కటే చూసి కోస్తే ఊరి మధ్యలోని జనసాంద్రత అంతా గాలిలో కలుస్తుంది. షెడ్డు పోతుంది, దాంతో పాటు రచ్చబండ చుట్టూ ఉన్న ఊరూ పోతుంది.

షెడ్డును పట్టిచ్చేది పరిమాణం కన్నా ఆకారం. కోళ్ల షెడ్డు పొడవు వెడల్పుకు చాలా రెట్లు ఉంటుంది, అంచులు గీత గీసినట్టుంటాయి, రెండు మూడు షెడ్లు పక్కపక్కనే సమాంతరంగా ఉంటాయి, చుట్టూ ఖాళీ. QGISలో `Oriented minimum bounding box` అనే పనిముట్టు ప్రతి కప్పుకూ దాని ఒంపులోనే పట్టే దీర్ఘచతురస్రాన్ని గీసి, పొడవు వెడల్పులను రెండు నిలువు వరుసల్లో ఇస్తుంది. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, 250 చదరపు మీటర్లు దాటి నిష్పత్తి 4 దాటిన కప్పులను ఒక జాబితాగా తీయండి. ఈ రెండు హద్దులు నా అలవాటు మాత్రమే. మీ మండలానికి సరిపడేలా జరుపుకోండి.

ఆ జాబితాను అలాగే తుడిచేయకుండా ఉపగ్రహ చిత్రం వెనుక పెట్టుకుని ఒక్కొక్కటిగా చూడండి. ఒక మండలానికి ఇవి వందల్లోనే ఉంటాయి, ఒక సాయంత్రం పని. షెడ్డు అని తేలితే `tisey` అనే కొత్త నిలువు వరుసలో 1 వేయండి, ఇల్లయితే 0. నిష్పత్తి తక్కువగా ఉండి జాబితాకు ఎక్కని పెద్ద కప్పులను, అంటే 400 దాటిన మిగతావాటిని కూడా ఇదే ఊపులో చూసేయండి. బడి ఆవరణ, గుడి, ఫ్యాక్టరీ తేలికగానే తెలుస్తాయి.

రెండో చివర కూడా ఒకటుంది. చిన్న కప్పులు. బోరు మోటారు గది, మరుగుదొడ్డి, గడ్డివామి, గుట్ట మీది గుండ్రాయి, ఇవన్నీ 15 చదరపు మీటర్ల లోపు కప్పులుగా నమోదయ్యే అవకాశం ఉంది. నేను 15 లోపువీ, `confidence` 0.70 లోపువీ తీసేస్తాను. కానీ 25 చదరపు మీటర్ల పశువుల కొట్టానికీ 25 చదరపు మీటర్ల ఇంటికీ పైనుంచి తేడా తెలియదు. పాడి ఎక్కువ ఉన్న మన పల్లెల్లో ఇది చిన్న పొరపాటేమీ కాదు. దాన్ని కప్పు ఒక్కొక్కటిగా దిద్దడం కుదరదు, ఊరి మొత్తం మీద పట్టుకోవచ్చు. అందుకే కుటుంబాల సంఖ్య అట్టే పెట్టుకోమన్నాను. మన ఊరిలో షెడ్లు తీశాక 320 కప్పులు, 300 కుటుంబాలు. నిష్పత్తి 1.07, నమ్మదగిన అంకె. అదే 300 కుటుంబాలకు 650 కప్పులు తేలితే సగం కప్పుల కింద మనుషులు లేరన్నమాట. అప్పుడు చిన్న కప్పుల హద్దును కొంచెం పైకి జరిపి చూడాలి.

బరువు దగ్గరే అసలు తగువు

షెడ్లు పోయాయి. మిగిలిన కప్పు 18,600 చదరపు మీటర్లు. మళ్లీ వైశాల్యం నిష్పత్తిలో పంచితే పెద్ద ఊరికి 813 మంది, దళితవాడకు 232, పల్లెకు 155. చూడటానికి సబబుగానే ఉంది. కానీ దళితవాడలో 100 ఇళ్లకు 232 మంది అంటే ఇంటికి 2.3. పెద్ద ఊరిలో ఇంటికి 4.5. కుటుంబం చిన్నదై కాదు, ఇల్లు చిన్నదై ఇంత తేడా వచ్చింది. ఇరుకింట్లో ఐదుగురు, వరండా దొడ్డి కలిసిన పెద్దింట్లో ముసలి దంపతులు ఇద్దరు ఉండటం మనకు కొత్త కాదు. వైశాల్యాన్ని నమ్మే లెక్కకు అది తెలియదు. పేదల వాడ నుంచి మనుషులను తీసి పెద్ద ఇళ్లలో నింపుతుంది.

పోనీ వైశాల్యాన్ని పూర్తిగా వదిలేసి కప్పుకు ఇంత అని పంచుదాం. 1,200ని 320తో భాగిస్తే కప్పుకు 3.75. పెద్ద ఊరికి 675, దళితవాడకు 375, పల్లెకు 150. దళితవాడ 232 నుంచి 375కి ఎగబాకింది. ఊరి మొత్తం మారలేదు, కప్పులు మారలేదు, మనం ఎంచుకున్న బరువు, అంటే ఏ కప్పుకు ఎంత వాటా అన్న కొలత, ఒక్కటే మారింది. చాలామంది ఈ మెట్టును ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో పటం మంచిదా చెడ్డదా అన్నది తేలేది ఇక్కడే.

ఈ రెండు కొసలకూ మధ్య ఒక దారి వైశాల్యపు వర్గమూలాన్ని బరువుగా తీసుకోవడం. 36 చదరపు మీటర్ల ఇంటి బరువు 6, 70 చదరపు మీటర్ల ఇంటి బరువు 8.37. ఇల్లు రెట్టింపు కావస్తే బరువు కొంచెమే పెరిగింది. మన ఊరిలో బరువులన్నీ కూడితే సుమారు 2,416. పెద్ద ఊరికి 748 మంది, దళితవాడకు 298, పల్లెకు 154.

మూడింటిలో ఏది నిజానికి దగ్గర? ఇప్పుడు `P_SC` పనికొస్తుంది. మన పల్లెల్లో దళితవాడ ఊరికి దూరంగా, విడిగా ఉండటం ఒక చేదు వాస్తవం. ఆ వాస్తవమే ఇక్కడ మన లెక్కకు సాక్షి. పంపకంలో మనం వాడని అంకె ఒకటి జనగణనే ఇస్తోంది: ఆ గ్రామంలో షెడ్యూల్డ్ కులాలవారు ఎందరో. మన ఊరికి అది 310 అనుకుందాం. వైశాల్యపు లెక్క 232 దగ్గర ఆగింది, కప్పుల లెక్క 375 దాకా పోయింది, వర్గమూలం 298 ఇచ్చింది. మూడోదాన్ని ఎంచుకోవడానికి ఇప్పుడు ఒక కారణం చేతిలో ఉంది.

ఈ సాక్ష్యాన్ని ఒక్క ఊరితో తేల్చకండి. దళితవాడ విడిగా స్పష్టంగా కనిపించే పది పదిహేను ఊళ్లు ఎంచుకుని, వాటి హద్దులను చేత్తో గీసి, మూడు బరువులతోనూ లెక్క చూడండి. ఎస్సీ కుటుంబాలు కొన్ని ప్రధాన ఊరిలో ఉండవచ్చు, వాడలో ఇతరులూ ఉండవచ్చు. అందుకే ఒక ఊరిలో పది శాతం అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర లేదు. అన్ని ఊళ్లలోనూ తప్పు ఒకే వైపు పడుతుంటే మాత్రం బరువు మార్చాలి.

వర్గమూలానికి ఒక బలహీనత ఉంది, అది నాకు ఆలస్యంగా తట్టింది. గోడలు కలిసిన ఆరు ఇళ్లు, ఒక్కోటి 80 చదరపు మీటర్లు, యంత్రానికి 480 చదరపు మీటర్ల ఒకే కప్పు అయ్యాయనుకోండి. 480కి వర్గమూలం 21.9. విడివిడిగా లెక్కపెడితే ఆరింటికీ కలిపి 53.7 రావాలి. అంటే నడివీధి సగానికి పైగా నష్టపోతుంది. వైశాల్యపు పద్ధతిలో ఈ గొడవ లేదు, కప్పుల లెక్కలో ఇంకా ఘోరం, ఆరు ఇళ్లకు కలిపి 3.75 మంది. మందు తేలికే. షెడ్డు కాదని తేలి 200 చదరపు మీటర్లు దాటిన కప్పును మామూలు ఇంటి పరిమాణంతో భాగించి, అందులో ఎన్ని ఇళ్లు ఉంటాయో అంచనా వేసి, అన్ని బరువులు ఇవ్వాలి. కప్పు వైశాల్యం m2, అందులో ఇళ్లు n అయితే, n × m2 లబ్ధానికి వర్గమూలమే ఆ కప్పు బరువు అవుతుంది. 6 × 480 = 2,880, దాని వర్గమూలం 53.7. సరిపోయింది.

నడిపించడం

ఇప్పటిదాకా చెప్పినదంతా పైథాన్‌లో ఇంతే. గ్రామాల ఫైలులో జనాభా పట్టిక ముందే కలిపి ఉందని, కప్పుల ఫైలులో `tisey` నింపి ఉందని అనుకుంటున్నాను.

```python
import geopandas as gpd

v = gpd.read_file("gramalu.gpkg").to_crs(32644)
b = gpd.read_file("kappulu.gpkg").to_crs(32644)

b["m2"] = b.geometry.area
b = b[(b["confidence"] >= 0.70) & (b["m2"] >= 15) & (b["tisey"] != 1)].copy()

b["geometry"] = b.geometry.representative_point()
b = gpd.sjoin(b, v[["code", "TOT_P", "geometry"]], predicate="within")
```

వైశాల్యం తీసిన తరువాతే ఆకారాన్ని చుక్కగా మార్చాలి, వరుస తప్పితే అన్ని వైశాల్యాలూ సున్నా అవుతాయి. చుక్కగా మార్చడం ఎందుకంటే, రెండు గ్రామాల గట్టు మీద ఉన్న ఇల్లు ఆకారంగా ఉంటే ఏ ఒక్కరి లోపలా పూర్తిగా పడక `within` లెక్కలోంచి జారిపోతుంది. చుక్క ఒకరికే చెందుతుంది.

```python
n = (b["m2"] / 80).round().clip(lower=1).where(b["m2"] > 200, 1)
b["w"] = (n * b["m2"]) ** 0.5
b["pop"] = b["TOT_P"] * b["w"] / b.groupby("code")["w"].transform("sum")

b["gx"] = (b.geometry.x // 100).astype(int) * 100
b["gy"] = (b.geometry.y // 100).astype(int) * 100
g = b.groupby(["gx", "gy"], as_index=False)["pop"].sum()
```

80 అన్న అంకె నా ఊరిది. మీ మండలంలో విడిగా నిలిచిన ఇళ్లను కొన్ని కొలిచి మధ్యస్థ విలువ పెట్టుకోండి. గడి మూలలను 100 గుణిజాల మీద ఉంచడం వల్ల రేపు పక్క మండలం పటం చేసినా గడులు అంచులో సరిగ్గా అతుకుతాయి. ఏదైనా గడిలో 0.4 మనిషి కనబడితే గాభరాపడి పూర్ణాంకం చేయకండి. వేల గడుల్లో అలా సవరిస్తే గ్రామ మొత్తం తప్పుతుంది. దశాంశాలు ఫైలులో ఉండనివ్వండి, చూపేటప్పుడు మాత్రమే గుండ్రం చేయండి.

మొత్తం సరిపోయిందా

ఈ పద్ధతిలో తప్పనిసరి నియమం ఒక్కటే: ఒక గ్రామంలోని కప్పులన్నిటి జనాభా కూడితే ఆ గ్రామం అంకె తిరిగి రావాలి.

```python
chk = b.groupby("code")["pop"].sum()
v["diff"] = v["TOT_P"] - v["code"].map(chk).fillna(0)
print(v.loc[v["diff"].abs() > 0.5, ["code", "TOT_P", "diff"]])
```

ఇందులో తేలేవి కప్పు ఒక్కటీ లేని గ్రామాలు. జనాభా ఉంది, పంచడానికి ఇల్లు లేదు, ఆ జనం పటంలోంచి చడీచప్పుడు లేకుండా మాయమవుతారు. జనాభా సున్నా ఉన్న బేచిరాకు గ్రామాలు ఈ జాబితాకు రావు, అవి అలాగే ఉండవచ్చు. వచ్చినవాటిలో చాలావాటికి కారణం సరిహద్దు గీత పక్కకు జరిగి ఉండటం. పాత కాగితం పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు గీత వంద, రెండు వందల మీటర్లు తప్పడం మామూలే. రోడ్డు పక్క ఊరు గట్టుకు ఆనుకుని ఉంటే మొత్తం ఊరే పొరుగు గ్రామంలో పడుతుంది.

పూర్తిగా సున్నా కాకపోతే ఇది దొంగలా దాక్కుంటుంది. దాన్ని పట్టడానికి కప్పుల సంఖ్యను కుటుంబాలతో భాగించిన నిష్పత్తిని గ్రామాల పటం మీద రంగుల్లో చూడండి. ఒక గ్రామంలో 400 కుటుంబాలకు 60 కప్పులు, దాని పక్క గ్రామంలోనే 150 కుటుంబాలకు 520 కప్పులు కనబడితే మరి అనుమానం అక్కరలేదు. రెంటినీ కలిపితే 550 కుటుంబాలకు 580 కప్పులు, చక్కని నిష్పత్తి. గీతను మీరే జరపబోతే కొత్త తప్పులు దొర్లుతాయి. ఆ రెండు గ్రామాలనూ ఒకటిగా చేసి, జనాభాను కూడి, కలిపి పంచడం మేలు. గ్రామం వారీ నియమం పోతుంది, కానీ జనం ఉన్న చోటే ఉంటారు.

తిరుపతి నగరం అంచున ఉన్న గ్రామాల దగ్గర ఇంకొక జాగ్రత్త. పట్టికలో కొన్ని పేర్ల పక్కన సెన్సస్ టౌన్ అని చెప్పే `CT` అనో, ఔట్‌గ్రోత్ అని చెప్పే `OG` అనో ఉంటుంది. పల్లె పాలన కింద ఉన్నా జనగణన వాటిని పట్టణ లెక్కలో చేర్చింది. గ్రామీణ వరుసలు మాత్రమే వడకట్టుకుంటే నగరం చుట్టూ ఒక ఖాళీ వలయం మిగులుతుంది. అక్కడ మేడలు కూడా ఉంటాయి కాబట్టి ఈ వ్యాసంలోని బరువులు ఆ ప్రాంతానికి చాలవు. అంతస్తుల సంఖ్య తెలియకుండా అక్కడ పంచడం నేను మానేశాను.

పన్నెండేళ్ల ఎడం

జనాభా 2011ది, కప్పులు అంతకు చాలా తరువాతి చిత్రాలవి. మధ్యలో ఊళ్లు పెరిగాయి. సమానంగా పెరిగి ఉంటే పంపకం నిష్పత్తులు పెద్దగా చెడవు. చెడగొట్టేది ఒక్కచోట కుప్పగా వచ్చిన ఇళ్లు, ముఖ్యంగా 2020 తరువాత ఇచ్చిన ఇళ్ల పట్టాల లేఅవుట్లు.

మన ఊరి పొలిమేరలో 32 చదరపు మీటర్ల కొత్త ఇళ్లు 150 వచ్చాయనుకోండి. వర్గమూలపు బరువుతో వాటికి 849 వస్తుంది, ఊరి మొత్తం బరువులో 26 శాతం. 1,200 మందిలో 312 మంది, 2011లో పునాది కూడా లేని ఇళ్లలోకి వెళ్లిపోతారు. పైగా ఆ లేఅవుట్ పట్టణంలోని లబ్ధిదారులకు ఇచ్చినదైతే అక్కడికి వచ్చినవారు ఈ ఊరివారే కారు.

వీటిని చూడగానే పోల్చవచ్చు. ఒకే పరిమాణపు కప్పులు, గళ్ల చొక్కాలా నిలువూ అడ్డం వరుసలు, చుట్టూ చెట్లు లేని నేల. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాల పట్టీని వెనక్కి జరిపితే ఏ ఏడు ఖాళీ పొలమో తేలుతుంది. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్‌లోనే 2016 నుంచి 2023 వరకు ఏటా కట్టడాలు ఎక్కడున్నాయో చూపే మరో పటమూ ఉంది. స్పష్టత తక్కువైనా లేఅవుట్ అంత పెద్ద మార్పును చూపిస్తుంది. మీ పటం 2011 జనాభాదే అయితే ఆ కప్పులకూ `tisey` 1 వేయండి. ఇప్పటి జనాభా అంచనా కావాలంటే మాత్రం లేఅవుట్‌ను గ్రామం నుంచి విడదీసి, నివాసం ఉంటున్న ఇళ్లు ఎన్నో సచివాలయంలో అడిగి తెలుసుకుని, దానికి వేరే అంకె ఇవ్వాలి. కట్టిన ఇళ్లన్నిటిలో దీపం వెలుగుతోందని అనుకోవద్దు. తరువాతి జనగణన ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, ఆ పట్టికలు వచ్చేదాకా ఈ తిప్పలు తప్పవు.

ఫైలు బయటికి ఇచ్చేటప్పుడు

గడులను రాస్టర్‌గా మార్చి ఎవరికైనా పంపితే వారు మొదట చేసేది దాన్ని అక్షాంశ రేఖాంశాల్లోకి మార్చడం. QGIS ఆ పనిలో పక్క గడుల విలువలను కలిపి సగటు తీసే పద్ధతులు కూడా చూపిస్తుంది. సాంద్రత పటానికి అది చెల్లుతుంది. మనుషుల సంఖ్య ఉన్న గడులకు చెల్లదు, మొత్తం మారిపోతుంది. రేఖాంశాల పటం కావాలన్నవారికి `pop` నిలువు వరుస ఉన్న చుక్కల ఫైలునే మార్చి, దాని నుంచి కొత్తగా గడులు కూడి ఇవ్వండి. మార్చిన తరువాత మొత్తాన్ని మరోసారి కూడి చూడండి.

గడి స్థాయి అంకెను ఎవరైనా పట్టుకుని "ఈ హెక్టారులో 37 మందే ఉన్నారా?" అని అడిగితే అవునని చెప్పకండి. గ్రామం మొత్తం మాత్రమే లెక్కపెట్టినది, మిగతాది మన పంపకం. ఒక్కో గడిలో తప్పు పెద్దగానే ఉండవచ్చు. ఉపకేంద్రం చుట్టూ కిలోమీటరు, రెండు కిలోమీటర్ల వలయంలో గడులను కూడినప్పుడు ఆ తప్పులు చాలావరకు ఒకదానికొకటి సర్దుకుంటాయి, ఒకే వైపు పడే బరువు తప్పు తప్ప. అందుకే ఫైలు పేరులోనే నేను మూడు సంగతులు రాస్తాను: జనాభా ఏ ఏటిది, కప్పులు ఏ ఏటివి, బరువు ఏది. `puthalapattu_j2011_k2023_vargamulam.tif` అని ఉంటే, ఏడాది తరువాత తెరిచిన మనిషికి, అది నేనే అయినా, మళ్లీ నన్ను అడగవలసిన పని ఉండదు.